గొంతునొప్పి సిరప్ నాలుగో రోజుకే అయిపోయింది, జ్వరమూ తగ్గింది. మిగతా ఆరు రోజులు ఎందుకు వాడాలి?

బుజ్జిగాడి అమ్మ, కందుకూరు (ఆదివారం రాత్రి 9:40)

మావాడికి ఆరేళ్లు, బరువు 18 కిలోలు. పోయిన సోమవారం ఉన్నట్టుండి జ్వరం వచ్చింది, 102. ఉమ్ము మింగాలన్నా ఏడుపే. దగ్గు లేదు, ముక్కు కారడం లేదు. బుధవారం పొద్దున డాక్టరు గారు టార్చి వేసి చూసి, టాన్సిల్స్ మీద తెల్లగా చీము పట్టిందనీ, దవడ కింద బిళ్లలు కట్టాయనీ, ఇది స్ట్రెప్ గొంతునొప్పి లాగుందనీ చెప్పారు. అమాక్సిసిలిన్ పొడి సిరప్ రాశారు, 5 ఎం.ఎల్.లో 250 మి.గ్రా. ఉండేది. చీటీలో "9 ఎం.ఎల్., పొద్దున రాత్రి, 10 రోజులు" అని ఉంది.

షాపులో ఒక సీసా ఇచ్చారు, 60 ఎం.ఎల్.ది. శనివారం పొద్దునకే అది అయిపోయింది. ఆఖరిసారి 9 రావాల్సింది 6 వచ్చింది. ఒక సీసా అంటే ఒక కోర్సు అనుకున్నా. శుక్రవారం నుంచే వాడికి జ్వరం లేదు, ఇడ్లీ తింటుండాడు, ఇల్లు పీకి పందిరి వేస్తుండాడు.

మా అత్తమ్మేమో "తగ్గినాక కూడా ఆ మందులెందుకమ్మా, బిడ్డకు వేడి చేస్తాది" అంటుండాది. మా ఆడబిడ్డేమో "మధ్యలో ఆపితే గుండెకు వస్తాదంట" అని భయపెట్టింది. గొంతుకీ గుండెకీ సంబంధం ఏంది? ఇంకో సీసా కొనాలా? మూడు డోసులు పోయినట్టే కదా, ఇప్పుడు మొదలుపెట్టినా ఉపయోగం ఉంటుందా?

ఉదయగిరి మందుల షాపు (ఆదివారం రాత్రి 10:05)

అక్కా, కొనాల్సిందే. యాంటీబయాటిక్ మధ్యలో ఆపితే క్రిమి మందుకు అలవాటు పడిపోద్ది. ఈసారి వచ్చినప్పుడు ఇదే మందు పని చెయ్యదు. కోర్సు పూర్తి చెయ్యమనేది అందుకే.

పది రోజులు తాగించడం కష్టమనుకుంటే అజిత్రోమైసిన్ ఉంది, మూడు రోజుల్లో అయిపోద్ది. డాక్టరును అడిగి మార్పించుకోండి. గొంతునొప్పికి మా షాపులో ఎక్కువగా పోయేది అదే.

ఒక సీసా ఇచ్చిన సంగతికొస్తే, చాలామంది పది రోజులదీ ఒకేసారి కొనరు, "ముందు ఒకటివ్వు, తగ్గకపోతే వస్తాం" అంటారు. తగ్గుద్ది, ఇక రారు.

పిల్లల డాక్టర్, కావలి (ఆదివారం రాత్రి 10:50)

అమ్మా, ముందు చెయ్యాల్సిన పని చెప్తాను, ఎందుకో తర్వాత చెప్తాను. రేపు పొద్దున ఆ చీటీ పట్టుకొని మీ డాక్టరు దగ్గరికే వెళ్లండి. మూడు డోసులు తప్పాయని, ఏ రోజు ఏ పూట ఆగిందో ఉన్నదున్నట్టు చెప్పండి. వాళ్లు కోప్పడతారని దాచిపెట్టొద్దు, లెక్క దాని మీదే ఉంటుంది. ఇంకా సమయం ఉంది. గొంతునొప్పి మొదలైన 9 రోజుల్లోపు మీ అమాక్సిసిలిన్ లాంటి పెనిసిలిన్ జాతి మందు మొదలుపెట్టినా, గుండెను దెబ్బతీసే రుమాటిక్ జ్వరం రాకుండా ఆపగలమని తెలుసు. మీవాడికి సోమవారం మొదలైంది, ఈరోజు ఏడో రోజు. కాబట్టి భయపడొద్దు, కానీ వచ్చే ఆదివారం దాకా వాయిదా వెయ్యొద్దు.

ఇక సీసా లెక్క. ఈ జబ్బుకు అమాక్సిసిలిన్ రోజుకు కిలోకు 50 మి.గ్రా. మీవాడు 18 కిలోలు కాబట్టి రోజుకు 900, అంటే పూటకు 450. మీ సిరప్‌లో 5 ఎం.ఎల్.కు 250 ఉంది, కాబట్టి పూటకు 9 ఎం.ఎల్. మీ డాక్టరు సరిగ్గానే రాశారు. రోజుకు 18, పది రోజులకు 180 ఎం.ఎల్. 60 ఎం.ఎల్. సీసాలు మూడు కావాలి. ఒక్క సీసా మూడు రోజుల పైన ఒక పూటకు వస్తుంది, అంతే. ఈ గొంతునొప్పిలో మందు వేసినా వెయ్యకపోయినా జ్వరం మూడు నుంచి ఐదు రోజుల్లో దిగిపోతుంది. సీసా అయిపోయే రోజూ, బిడ్డ లేచి ఆడుకునే రోజూ ఒకటే అవుతాయి. పెద్దవాళ్లకు మందు పని పూర్తయినట్టు కనిపించేది అందుకే. ఆ తగ్గడంలో మందు వాటా కొంతే, మిగతాది బిడ్డ ఒంట్లోని శక్తి. మందుతో మనకు కావాల్సిన అసలు పని అప్పటికి సగం కూడా కాలేదు.

గొంతుకీ గుండెకీ సంబంధం అడిగారు. ఈ స్ట్రెప్టోకాకస్ క్రిమి గొంతులోంచి గుండెలోకి పాకదు. గొంతులోనే ఉంటుంది. దాని పైతొడుగు మీద ఎం ప్రోటీన్ అనేది ఒకటుంది, అది మన గుండె కండరంలో, కవాటాల్లో ఉండే కొన్ని ప్రోటీన్లను పోలి ఉంటుంది. క్రిమి గొంతులో ఎన్ని రోజులు బతికుంటే, మన రక్షణ వ్యవస్థ అన్ని రోజులు దాన్ని చూసి ఆయుధాలు నూరుతూనే ఉంటుంది. కొందరు పిల్లల్లో ఆ ఆయుధాలు, దొంగ పోలికలున్న ఇంటిమనిషిని పట్టుకొని కొట్టినట్టు, గుండె కవాటాల మీద పడతాయి. రుమాటిక్ జ్వరం అంటే ఇదే. ఇది గొంతునొప్పి ఉన్నప్పుడు జరగదు. అది తగ్గిన రెండు మూడు వారాలకు, అందరూ మర్చిపోయాక బయటపడుతుంది. నాలుగో రోజు జ్వరం లేకపోవడం మూడో వారంలో ఏం జరుగుతుందో చెప్పలేదు.

షాపు తమ్ముడికి ఒక మాట. కోర్సు పూర్తి చెయ్యాలన్నది నిజం, చెప్పిన కారణం మాత్రం ఈ జబ్బుకు సరిపోదు. ఈ గ్రూప్ ఏ స్ట్రెప్టోకాకస్, పెనిసిలిన్ వాడకంలోకి వచ్చి ఎనభై ఏళ్లు దాటినా, ఇప్పటిదాకా పెనిసిలిన్‌కు లొంగకుండా తయారు కాలేదు. ఇక్కడ పది రోజులు వాడేది క్రిమి మొండిదవుతుందని కాదు, గొంతులో ఒక్కటీ మిగలకూడదని. మొండికెత్తే అలవాటున్నది మీరు చెప్పిన అజిత్రోమైసిన్ దగ్గరే. దానికి లొంగని స్ట్రెప్ మన దేశంలోనూ ఉంది. పెనిసిలిన్ పడని పిల్లలకు మాత్రమే అది వాడతాం, అప్పుడు కూడా కిలోకు 12 మి.గ్రా. చొప్పున రోజుకు ఒకసారి ఐదు రోజులు. మూడు మాత్రల పాకెట్ కాదు.

గీత, ల్యాబు మైక్రోబయాలజీ, ఒంగోలు (సోమవారం ఉదయం 6:30)

డాక్టరు గారు చెప్పినదానికి ఆధారం ఎక్కడిదో కొంచెం చెప్పాలనిపించింది, ఎందుకంటే "పది రోజులు" అన్న అంకె పెద్దల మాటగా వచ్చింది కాదు.

1949 ప్రాంతంలో అమెరికాలోని వయోమింగ్‌లో వారెన్ అనే వైమానిక స్థావరంలో కుర్ర సిపాయిల్లో స్ట్రెప్ గొంతునొప్పి విపరీతంగా ఉండేది. గొంతునొప్పితో వచ్చిన వాళ్లలో సుమారు 800 మందికి పెనిసిలిన్ ఇంజెక్షన్లు ఇచ్చారు, మరో 800 మందికి ఇవ్వలేదు. ఇవ్వని వాళ్లలో 17 మందికి రుమాటిక్ జ్వరం వచ్చింది, ఇచ్చిన వాళ్లలో ఇద్దరికి. తర్వాత అక్కడే ఇంకొక సంగతి బయటపడింది, నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది అదే. సల్ఫా మందు ఇస్తే క్రిమి అణిగింది గాని గొంతులోంచి పూర్తిగా పోలేదు. అలాంటి వాళ్లకు రుమాటిక్ జ్వరం ఆగలేదు. మరోవైపు పెనిసిలిన్‌ను తొమ్మిదో రోజున, అంటే గొంతునొప్పి దానంతటదే తగ్గిపోయాక మొదలుపెట్టినా ఆగింది. అంటే బిడ్డకు నొప్పి ఎంత త్వరగా తగ్గిందన్నది కాదు ప్రశ్న, క్రిమి గొంతులోంచి పోయిందా లేదా అన్నది. మిగతా రోజులు ఎందుకు వాడాలి, ఇప్పుడు మొదలుపెట్టినా ఉపయోగమా అని మీరు అడిగిన రెండు ప్రశ్నలకూ, బుజ్జిగాడి అమ్మ గారూ, జవాబు ఇందులోనే ఉంది.

పది రోజులు ఎందుకు పడుతుందంటే, పెనిసిలిన్ జాతి మందులు గోడ కట్టుకుంటున్న క్రిమినే చంపుతాయి, అంటే రెండుగా చీలి పెరుగుతున్న దాన్ని. మొదటి మూడు రోజుల్లో అలాంటివి కోట్లలో ఉంటాయి, అవి చస్తాయి, జ్వరం దిగుతుంది. టాన్సిల్స్‌లో లోతైన గుంటలుంటాయి, వాటిలో నెమ్మదిగా పెరిగేవి కొన్ని నక్కి ఉంటాయి. మందు ఆగితే మళ్లీ పెరిగేది వాటినుంచే. ఐదు రోజులకే ఆపిన వాళ్ల గొంతులో దూది పుల్లతో తీసి కల్చర్ పెడితే, పది రోజులు వాడిన వాళ్లకన్నా ఎక్కువమందిలో క్రిమి మళ్లీ కనిపిస్తుంది.

అయితే డాక్టరు గారూ, ఒక విషయంలో అందరూ ఒకే మాట మీద లేరు. స్వీడన్‌లో 2019లో వచ్చిన పరిశోధనలో పెనిసిలిన్ మాత్రలు రోజుకు నాలుగుసార్లు 800 మి.గ్రా. చొప్పున ఐదు రోజులు, రోజుకు మూడుసార్లు 1000 చొప్పున పది రోజులు పోల్చి చూశారు. జబ్బు తగ్గడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఐదు రోజులు చాలనే దేశాలు ఉన్నాయి కదా, మనమూ ఆలోచించాలేమో?

పిల్లల డాక్టర్, కావలి (సోమవారం ఉదయం 7:15)

గీతగారూ, అదే పరిశోధనలో గొంతులోంచి క్రిమి పోయిన వాళ్లు పది రోజుల వైపు సుమారు 91 శాతం, ఐదు రోజుల వైపు 80 శాతం. స్వీడన్‌లో రుమాటిక్ జ్వరం ఇప్పుడు దాదాపు లేదు, అక్కడ ఆ తేడాను పట్టించుకోకపోవచ్చు. మన దగ్గర ఒక గదిలో అయిదుగురు పడుకునే ఇళ్లున్నాయి, అరవై మంది కూర్చునే తరగతులున్నాయి, ఇంకా వాల్వు జబ్బుతో వచ్చే పిలకాయలున్నారు. పైగా అక్కడ ఐదు రోజులంటే రోజుకు నాలుగుసార్లు కచ్చితంగా వేసుకున్న ఐదు రోజులు. మన "నాలుగు రోజులు వాడాం" దానికి సాటి రాదు. నేను పదే రాస్తాను.

గీత, ల్యాబు మైక్రోబయాలజీ, ఒంగోలు (సోమవారం ఉదయం 7:40)

క్రిమి పోవడం గురించి ఒప్పుకుంటాను. కానీ ఆ మిగిలిన వాళ్లలో కొందరు ఊరికే క్రిమిని మోసేవాళ్లు కావచ్చు, వాళ్లకు జబ్బు ప్రమాదం చాలా తక్కువ. ఆ పదకొండు శాతం తేడాలో ఎంతమందికి నిజంగా గుండె ప్రమాదం ఉంటుందన్నది అక్కడ తేలలేదు. బుజ్జిగాడి విషయంలో మాత్రం నాదీ పది రోజుల మాటే.

సింగరాయకొండ శీను (సోమవారం ఉదయం 8:20)

మా అత్తకు 58 ఏళ్లు, కీళ్లవాతం. వేళ్లు వంకర్లు పోయాయి, పొద్దున లేవగానే చేతులు బిగుసుకుపోతాయి. ల్యాబులో ఏఎస్‌ఓ అని పరీక్ష చేస్తే 400 అని వచ్చింది. ఆమెకు కూడా ఈ పది రోజుల సిరప్ వాడిస్తే గుండెకు రాకుండా ఉంటుందా?

పిల్లల డాక్టర్, కావలి (సోమవారం ఉదయం 9:00)

శీనూ, పేరు ఒకేలా ఉండడం వల్ల వచ్చిన తికమక ఇది. మీ అత్తగారిది రుమటాయిడ్ కీళ్లవాతం లాగుంది, పెద్దవయసులో చిన్న కీళ్లను పట్టి ఏళ్ల తరబడి ఉంటుంది. మేం మాట్లాడుతున్న రుమాటిక్ జ్వరం ముఖ్యంగా 5 నుంచి 15 ఏళ్ల పిల్లలది. మోకాలు, చీలమండ, మోచెయ్యి లాంటి పెద్ద కీలు వాచి, రెండ్రోజుల్లో అక్కడ తగ్గి ఇంకో కీలుకు మారుతుంది. కీళ్లను వంకర చెయ్యదు. ఆమెను కీళ్ల డాక్టరుకు చూపించండి, ఈ సిరప్‌తో ఆమెకు పని లేదు.

ఏఎస్‌ఓ గురించి అందరికీ ఒక మాట. ఆ అంకె ఈమధ్య కాలంలో ఎప్పుడో స్ట్రెప్ సోకిందని చెబుతుంది, అంతే. గొంతునొప్పి వచ్చిన వారానికి పెరగడం మొదలై, మూడు నుంచి ఆరు వారాల్లో బాగా పైకి పోతుంది. కాబట్టి ఇవాళ గొంతునొప్పితో వచ్చిన బిడ్డకు ఆ పరీక్ష చేస్తే ఉపయోగం లేదు, గొంతులోంచి దూది పుల్లతో తీసే పరీక్షే కావాలి. బడికెళ్లే పిలకాయల్లో ఏ లక్షణమూ లేకుండా కూడా ఆ అంకె ఎక్కువ ఉండొచ్చు. ఒట్టి అంకె చూసి ఏళ్ల తరబడి ఇంజెక్షన్లు వేయించుకుంటున్న పిల్లలు ఉన్నారు, అది తప్పు.

పొదిలి మాస్టారు (సోమవారం మధ్యాహ్నం 1:10)

మా ఐదో తరగతిలో ఈ వారం నలుగురికి గొంతునొప్పి. తరగతిలో అందరికీ ముందుజాగ్రత్తగా మందు ఇవ్వాలా? జబ్బు పిల్లాణ్ణి ఎన్ని రోజులు బడికి రానివ్వకూడదు?

ఇంకొకటి. పోయిన ఏడు ఒక అమ్మాయి ఉన్నట్టుండి చేతిరాత గీతలు దాటించి రాయడం మొదలుపెట్టింది, పెన్ను జారిపోయేది, ముఖం వంకర్లు పెట్టేది. అల్లరి అనుకొని రెండు వారాలు మందలించాం. తర్వాత తెలిసింది, రుమాటిక్ జ్వరమేనని. ఇది గుండె జబ్బు కదా, చేతులకెలా వచ్చింది?

పిల్లల డాక్టర్, కావలి (సోమవారం మధ్యాహ్నం 2:30)

మాస్టారూ, అందరికీ వద్దు. జ్వరం, గొంతునొప్పి ఉన్నవాళ్లనే డాక్టరుకు పంపండి. ఆ నలుగురిలో దగ్గు, జలుబు, బొంగురు గొంతు, ఎర్రకళ్లు ఉంటే అది దాదాపు వైరస్, యాంటీబయాటిక్ అక్కర్లేదు. పిల్లల గొంతునొప్పుల్లో ఎక్కువభాగం వైరస్‌వే, స్ట్రెప్ పదింటిలో రెండు మూడు ఉంటాయి. దగ్గు లేకుండా జ్వరం, టాన్సిల్స్ మీద చీము, దవడ కింద నొప్పి పెట్టే బిళ్లలు కలిసి వస్తేనే అనుమానం బలపడుతుంది. స్ట్రెప్ అని తేలిన బిడ్డ మందు మొదలై ఒక రోజు గడిచి జ్వరం లేకపోతే బడికి రావచ్చు. మందు సీసా మాత్రం ఇంట్లో నడుస్తూనే ఉండాలి.

మీరు చూసిన ఆ చేతిరాత సంగతి మా దగ్గరికి ఆలస్యంగా వచ్చే లక్షణం. మెదడులో కదలికల్ని అదుపు చేసే చోట కూడా అదే పొరపాటు దాడి జరుగుతుంది. కీళ్లనొప్పి రెండు మూడు వారాలకు వస్తే, ఇది గొంతునొప్పి తర్వాత కొన్ని నెలలకు కూడా రావచ్చు, ఆడపిల్లల్లో ఎక్కువ. పెన్ను, చెంచా జారిపోవడం, కారణం లేకుండా ఏడవడం, నిద్రపోతే కదలికలు ఆగిపోవడం చూసిన రోజే పంపండి. అలాంటి బిడ్డకు గుండె ఎకో తప్పనిసరి, గుండెలో శబ్దం వినపడకపోయినా సరే.

ఇంకొక తప్పు ఇళ్లలో జరుగుతుంది. గొంతునొప్పి తగ్గిన రెండు మూడు వారాలకు మోకాలు వాచి, జ్వరం వస్తే వెంటనే ఐబుప్రోఫెన్ సిరప్ పోస్తారు. ఈ జబ్బు ఆ మందుకు ఒక్కరోజులో లొంగుతుంది, నొప్పి ఇంకో కీలుకు మారడం అక్కడితో ఆగిపోతుంది. డాక్టరుకు చూపించే సరికి గుర్తుపట్టే ఆనవాలే ఉండదు. అలాంటి బిడ్డకు డాక్టరు చూసేదాకా పారాసిటమాల్ మాత్రమే ఇవ్వండి.

కనిగిరి 24 (సోమవారం సాయంత్రం 6:45)

నాకు 13వ ఏట రుమాటిక్ జ్వరం వచ్చింది. అప్పట్లో గొంతునొప్పి వచ్చినట్టే గుర్తులేదు. మైట్రల్ వాల్వు లీకు ఉందన్నారు. ఇప్పుడు 24. 21 రోజులకోసారి పెనిసిలిన్ ఇంజెక్షన్. ఉద్యోగం వల్ల నాలుగు వారాలకోసారి వేయించుకుంటే సరిపోతుందా? మరి గొంతునొప్పి గుర్తులేని నాలాంటి వాళ్లకు పది రోజుల కోర్సు అన్న మాటే రాదు కదా?

పిల్లల డాక్టర్, కావలి (సోమవారం రాత్రి 9:10)

మీ రెండో ప్రశ్న చాలా సరైనది. రుమాటిక్ జ్వరం వచ్చిన పిల్లల్లో దాదాపు మూడోవంతు మందికి గొంతునొప్పి గుర్తుండదు. కోర్సు పూర్తి చేస్తే ఆగేది తెలిసిన గొంతునొప్పి వల్ల వచ్చేదే. మీలాంటి వాళ్ల దాకా ఈ పద్ధతి చేరదు, అది దీని హద్దు.

మొదటిదానికి: ఒకసారి వచ్చిన వాళ్లకు ఇంకో స్ట్రెప్ సోకితే మళ్లీ వచ్చే అవకాశం మామూలు పిల్లలకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. మొదటిసారి వాల్వు వాచి సరిగ్గా మూసుకోక రక్తం వెనక్కి కారుతుంది. అది కొంతమందిలో ఏళ్లలో సర్దుకుంటుంది కూడా. మళ్లీ మళ్లీ దాడి జరిగితేనే ఆ రేకులు దళసరెక్కి, అంచులు అతుక్కొని, దారి సన్నబడుతుంది. అప్పుడు బెలూన్‌తో తెరవడమో, వాల్వు మార్చడమో అవసరమవుతుంది. ఇంజెక్షన్ వేసిన నాలుగో వారంలో రక్తంలో మందు బాగా పల్చబడుతుంది, మన ప్రాంతాల్లో మూడు వారాలు పెట్టేది అందుకే. మీకు వాల్వు దెబ్బతినే ఉంది కాబట్టి గుండె డాక్టరును అడక్కుండా మీ అంతట మీరు 28 రోజులకు జరపొద్దు. ఎన్నేళ్లు వెయ్యాలన్నది కూడా తాజా ఎకో చూసి వాళ్లే చెప్పాలి.

స్టాఫ్ నర్సు, ఆత్మకూరు (సోమవారం రాత్రి 9:50)

ఆ ఇంజెక్షన్ గురించి బుజ్జిగాడి అమ్మగారికి కూడా తెలియాలి. పది రోజులు సిరప్ నడవదు అనుకునే ఇళ్లలో డాక్టర్లు బెంజథిన్ పెనిసిలిన్ ఒకే ఒక్క ఇంజెక్షన్ రాస్తారు. 27 కిలోల లోపు 6 లక్షల యూనిట్లు, ఆ పైన 12 లక్షలు. కండరంలో కూర్చొని మూడు నాలుగు వారాలు కొంచెం కొంచెంగా దిగుతుంది, డోసు తప్పడం అన్న మాట ఉండదు.

కానీ అది పాలలా చిక్కటి మందు. సన్నసూదిలో అడ్డుపడుతుంది, 21 గేజ్ తీసుకోవాలి. నీళ్లు కలిపాక అరచేతుల్లో దొర్లించి ఉండలు లేకుండా చూసి వెంటనే వెయ్యాలి. తొడ బయటివైపు లోతుగా, రెండు మూడు నిమిషాలు నిదానంగా తోస్తే నొప్పి తక్కువ. రక్తనాళంలోకి పోనే కూడదు. ముందు పెనిసిలిన్ పడనిదేమో అడగాలి, వేశాక అరగంట అక్కడే కూర్చోబెట్టాలి, ఒకవేళ పడకపోతే వెయ్యడానికి అడ్రినలిన్ చేతికందేలా ఉండాలి. ఇవి లేని చోట వేయించుకోవద్దు. కాలు రెండ్రోజులు నొప్పి పుడుతుంది.

బుజ్జిగాడి అమ్మ, కందుకూరు (మంగళవారం ఉదయం 10:15)

అందరికీ దండాలు. నిన్న పొద్దున వెళ్లాం. డాక్టరు గారు గొంతు మళ్లీ చూసి, ఇంజెక్షన్ అయినా సరే సిరప్ అయినా సరే అన్నారు. వాడు సూదంటే వణికిపోతాడు, సిరప్ అయితే ఇష్టంగా తాగుతాడు. మధ్యలో ఆగింది కాబట్టి నిన్నటి నుంచి మళ్లీ పది రోజులు లెక్కపెట్టమన్నారు. నిన్న మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి అయ్యాయి. క్యాలెండర్ మీద గళ్లు గీశా, వచ్చే వారం బుధవారం రాత్రికి ఇరవై.

మూడు సీసాలు ఒకేసారి తెచ్చా. మూడింట్లోనూ నీళ్లు కలిపి ఫ్రిజ్‌లో పెట్టేయొచ్చా, పని సులువవుతాది?

గీత, ల్యాబు మైక్రోబయాలజీ, ఒంగోలు (మంగళవారం ఉదయం 10:40)

పాత నాలుగు రోజులూ లెక్కలోకి తీసుకొని మిగతా ఆరే ఇచ్చే డాక్టర్లూ ఉన్నారు. ఒకటిన్నర రోజు ఆగితే మొదటినుంచీ మొదలుపెట్టాలా అన్నదానికి గట్టి ఆధారం ఏ వైపూ లేదు. మీ డాక్టరు గారిది జాగ్రత్త వైపు నిర్ణయం, అదే పాటించండి.

స్టాఫ్ నర్సు, ఆత్మకూరు (మంగళవారం మధ్యాహ్నం 12:05)

వద్దమ్మా, మూడూ కలపొద్దు. నీళ్లు కలిపిన సిరప్ ఏడు రోజులే పనికొస్తుంది, ఇవాళే కలిపితే మూడో సీసా మీకు ఇవాళ్టి నుంచి ఎనిమిదో రోజు, తొమ్మిదో రోజు కూడా కావాలి. పొడిగా ఉంటే చెడదు. ఒకటి అవుతుండగా ఇంకొకటి కలుపుకోండి.

కలిపేటప్పుడు ముందు సీసాను తట్టి పొడి వదులు చేసి, కాచి చల్లార్చిన నీళ్లు గీతకు కొంచెం తక్కువగా పోసి బాగా ఊపండి. నురగ దిగాక మట్టం కిందికి పోతుంది, అప్పుడు గీత దాకా మళ్లీ పోయండి. నురగ చూసి నిండిందనుకుంటే మందు చిక్కబడి, 60 రావాల్సింది 50 వస్తుంది. ప్రతిసారీ ఊపాకే తియ్యండి. వంటింటి చెంచాతో కొలవొద్దు, ఒక్కో ఇంట్లో ఒక్కో సైజు. సీసాతో వచ్చిన మూత కప్పు గాని, సూది లేని 10 ఎం.ఎల్. సిరంజి గాని వాడండి.

మీ గళ్లలో ఏడోది గురువారం పొద్దున. అప్పటికి మొదటి సీసాలో 6 ఎం.ఎల్. మిగులుతుంది. ఆ 6 తీసి, రెండో సీసా కలిపి అందులోంచి 3 తీసుకోండి. పద్నాలుగోది ఆదివారం రాత్రి, అప్పుడు రెండో దాంట్లో 3 మిగులుతుంది, మూడో దాంట్లోంచి 6 కలుపుకోవాలి. తాగిన అరగంటలోపు కక్కుకుంటే మళ్లీ ఇవ్వాలా అని డాక్టరును ఫోన్‌లో అడగండి.

ఉదయగిరి మందుల షాపు (మంగళవారం మధ్యాహ్నం 1:30)

కప్పుకు అంటుకునేది, ఒలికేది కలిపి చివరి డోసుకు కొంచెం తక్కువ పడుద్ది అక్కా. 30 ఎం.ఎల్. చిన్న సీసా కూడా దొరుకుతుంది, ఇదే 250 బలంది. వచ్చే మంగళవారం పొద్దుటి డోసు పోశాక మిగిలింది చూసుకొని, 27 కంటే తక్కువుంటే చీటీ పట్టుకెళ్లి అది తెచ్చుకోండి. 125 బలంది ఇస్తే తీసుకోవద్దు, దాంట్లో 9 పోస్తే సగం డోసే.